వాటర్ ప్లాంటుకు వేలం పాట పెట్టకండి: మున్సిపల్ కమిషనర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్లకు, పాలకవర్గాలకు, మెప్మా అధికారులకు,

నమస్కారం.

బోరు నీటి మీద బతికే చిన్న పట్టణాల్లో మున్సిపాలిటీ స్థలంలో నడిచే వాటర్ ప్లాంట్ల గురించి ఈ లేఖ. వీటిని బిగించేవాళ్ళం, రిపేర్లు చేసేవాళ్ళం, గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్ళం, పట్టణ సమాఖ్యల్లో ఉన్న డ్వాక్రా మహిళలం కలిసి రాస్తున్నాం. ఇవే విషయాలతో వినతిపత్రాలు ఇచ్చాం. ‘పరిశీలిస్తాం’ అన్నారు. ఆ తర్వాత వచ్చిన లీజు ప్రకటనలో మళ్ళీ పాత షరతులే కనిపించాయి: ఎక్కువ అద్దె పాడినవారికి ప్లాంటు, లేదంటే క్యాను తక్కువ ధరకు అమ్ముతామన్నవారికి ప్లాంటు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

పదేపదే ‘ప్లాంటు’ అంటాం కాబట్టి ఏ ప్లాంటో ముందే చెప్పుకుంటే మంచిది. గంటకు వెయ్యి లీటర్ల మంచినీళ్ళిచ్చే ఆర్‌ఓ ప్లాంటు. నాలుగు అంగుళాల లావు, నలభై అంగుళాల పొడవుండే మెంబ్రేన్లు నాలుగు, వాటికి ముందు ఇసుక ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు, 5 మైక్రాన్ల కాట్రిడ్జి, చివర్న యూవీ దీపం. చిన్న పట్టణంలో ఒకటి రెండు వార్డులకు ఇది సరిపోతుంది. ఈ ప్లాంటు కింద బోరు నీటిలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న ఉప్పుల మొత్తం, లీటరుకు 1200 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 2.5 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. నల్లగొండ వైపు గానీ, ప్రకాశం వైపు గానీ బోర్లు పరీక్షించినవాళ్ళకు ఈ అంకెలు వింతగా అనిపించవు. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయే జబ్బును మన దేశంలో మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే డాక్టర్లు గుర్తించి రాశారు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా. టీడీఎస్ 500 లోపు ఉండాలి, దిక్కు లేనప్పుడు 2000 దాకా. అంటే మన ఉదాహరణలోని బోరు టీడీఎస్ లెక్కలో గట్టెక్కుతుంది, ఫ్లోరైడ్ లెక్కలో పోతుంది. ఇది గుర్తుంచుకోండి, కింద మళ్ళీ పని పడుతుంది.

1. క్యాను ధర లెక్క మీ టెండరులో ఎక్కడా లేదు

షెడ్డు, మిషను మున్సిపాలిటీవి అనుకుందాం. ఎండాకాలంలో రోజుకు 300 క్యాన్లు పోతాయి, వానాకాలంలో 150కి పడిపోతాయి. ఏడాది సగటు 220 క్యాన్లు, నెలకు 6,600. ఇక ఖర్చు. ఆపరేటరుకు 12,000 (ఇది ఎక్కువ జీతమని ఎవరూ అనరు). కరెంటు: బోరు మోటారు, చిన్న పంపు, హై ప్రెషర్ పంపు కలిపి గంటకు మూడు యూనిట్లు, రోజుకు నాలుగున్నర గంటలు, నెలకు 400 యూనిట్ల పైచిలుకు, 4,000 వేసుకోండి. కాట్రిడ్జులు, యాంటీ స్కేలెంటు, బ్లీచింగ్ 2,000. మెంబ్రేన్లు ఒక్కోటి 14,000 చొప్పున నాలుగు, మూడేళ్ళకోసారి మార్చాలి, నెలకు 1,560 పక్కన పెట్టాలి. ఇసుక, బొగ్గు మార్చడానికి, పంపు రిపేరుకు, యూవీ దీపానికి 2,000. నీటి పరీక్షలకు 1,000. మొత్తం 22,560 రూపాయలు. ధరలు ఊరిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి, లెక్క తీరు మాత్రం మారదు.

దీన్ని 6,600 క్యాన్లతో భాగిస్తే క్యానుకు 3 రూపాయల 42 పైసలు. లాభం సంగతి తర్వాత, ప్లాంటు బతకడానికే ఇంత కావాలి.

ఇప్పుడు మీ వేలం పాట చూద్దాం. క్యాను 5 రూపాయలకు అమ్మితే నెలకు 33,000 వస్తుంది, ఖర్చులు పోను 10,000 పైన మిగులుతుంది. పాటలో అద్దె 15,000 పలికితే పాడినవాడు మొదటి నెలే ఐదు వేల దాకా లోటులో ఉంటాడు. రెండో రకం టెండరులో క్యాను 2 రూపాయలు అన్నవారికి ఇస్తారు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఎన్టీఆర్ సుజల పథకం నుంచి 20 లీటర్లకు రెండు రూపాయలన్న అంకె జనం మనసులో నాటుకుపోయింది. ఆ ధరకు నెలకు 13,200 వస్తుంది, లోటు 9,000 దాటుతుంది. ఎవరో ఒకరు ఆ లోటు భరించాలి. ప్రభుత్వం భరిస్తే సంతోషం. భరించనప్పుడు ఆపరేటరు భరించడు, కరెంటు ఆఫీసు అసలే భరించదు. కనపడనివి కోసేస్తారు. పైన రాసిన ఖర్చుల జాబితాను ఒకసారి అలా చూడండి. జీతం ఆపితే మనిషి రాడు, కరెంటు బిల్లు ఆపితే ఫ్యూజు పీకేస్తారు. నీటి పరీక్ష ఆపితే ఎవరికీ తెలియదు. మెంబ్రేన్ల కోసం డబ్బు పక్కన పెట్టకపోతే రెండేళ్ళ దాకా తెలియదు. యాంటీ స్కేలెంటు ఆపితే రెండు మూడు నెలలదాకా తెలియదు. అందుకే మొదట పోయేవి ఈ మూడే. వేలంలో పాడుకున్నవాడు దుర్మార్గుడై ఇలా చేయడం లేదు. మీరు పెట్టిన షరతులకు ఎవరు కూర్చున్నా చేసేది ఇదే.

2. మొదట మెంబ్రేన్లు పోతాయి, తర్వాత వాల్వులు తిరుగుతాయి

మెంబ్రేను బోరు నీటిని రెండు పాయలుగా చీలుస్తుంది. ఒక పాయ మంచినీళ్ళు, రెండోది ఉప్పంతా మోసుకుపోయే రిజెక్ట్ నీళ్ళు. వంద లీటర్లు పోస్తే యాభై మంచినీళ్ళు, యాభై రిజెక్టు వస్తే ఈ సైజు ప్లాంటు హాయిగా నడుస్తుంది. రిజెక్ట్ వాల్వును కొంచెం బిగిస్తే మంచినీళ్ళు పెరుగుతాయి. ‘నీళ్ళు వేస్టు పోనివ్వట్లేదు’ అని చెప్పుకోవడానికీ బాగుంటుంది. కానీ వందకు డెబ్బై అయిదు లాగితే మిగిలిన పాతిక లీటర్లలో ఉప్పు నాలుగింతలవుతుంది. కాల్షియం అంత చిక్కబడ్డ నీటిలో కరిగి ఉండలేక చివరి మెంబ్రేను మీద పొలుసులా కడుతుంది. కుక్కరు అడుగున కట్టే తెల్లటి పొర లాంటిదే ఇది కూడా. ఇది పట్టకుండా ఆపేదే యాంటీ స్కేలెంటు. బోరు నుంచి లాగే ప్రతి లీటరుకు 3 మిల్లీగ్రాములు చాలు, అంటే మన ప్లాంటుకు నెలకు కిలో అటూ ఇటూగా పడుతుంది. ఆ కిలో మిగుల్చుకోబోయి 56,000 రూపాయల మెంబ్రేన్లను ఏడాదిలో పాడుచేసిన ప్లాంట్లు కొల్లలు.

పాడవుతున్న సంగతి ముందే పట్టుకోవచ్చు. రోజూ ఒకే సమయంలో మూడు అంకెలు నోటుబుక్కులో రాస్తే సరిపోతుంది: మంచినీళ్ళు గంటకు ఎన్ని వస్తున్నాయో చూపే రోటామీటరు అంకె, మెంబ్రేన్లకు ముందూ వెనకా ఉన్న ప్రెషర్ల తేడా, మంచినీళ్ళ టీడీఎస్. మొదటి వారంతో పోలిస్తే నీళ్ళు పదో వంతు తగ్గినా, ప్రెషర్ల తేడా వందకు పదిహేను పెరిగినా కడగాల్సిన సమయం వచ్చినట్టే. పొలుసుకు 2 శాతం సిట్రిక్ యాసిడ్, అంటే వంద లీటర్ల మంచినీళ్ళలో రెండు కిలోలు కలిపి అరగంట తిప్పి, కాసేపు నానబెట్టి, మళ్ళీ తిప్పి, ఆ నీళ్ళు పారబోసి బాగా జాడించాలి. పాచి పట్టినదానికి యాసిడ్ పనిచేయదు, క్షారం కావాలి. ఒక చిన్న జాగ్రత్త: చలికాలంలో నీళ్ళు ఒక డిగ్రీ చల్లబడితే మెంబ్రేను ఇచ్చేది వందకు మూడు వంతులు తగ్గుతుంది. డిసెంబరులో అది చూసి కంగారుపడి వాల్వు బిగించేవాళ్ళున్నారు. అక్కడే చెడుతుంది.

కడగకుండా వదిలేస్తే నీళ్ళు తగ్గుతాయి, బయట లైను పెరుగుతుంది. అప్పుడు ఆపరేటరు ముందు ఒకటే దారి ఉంటుంది. బోరు నీళ్ళు నేరుగా మంచినీళ్ళ ట్యాంకులో కలిసేలా బైపాస్ వాల్వు తిప్పడం.

3. టీడీఎస్ మీటరు చూపించేది సగం నిజం

బైపాస్ దానంతట అదే నేరం కాదని ముందే చెప్పేస్తున్నాం. మన ప్లాంటులో మంచినీళ్ళ టీడీఎస్ 60, ఫ్లోరైడ్ 0.15 దగ్గర ఉంటుంది. చప్పగా ఉండే ఆ నీళ్ళలో పదో వంతు బోరు నీళ్ళు లెక్క ప్రకారం కలిపితే టీడీఎస్ 174, ఫ్లోరైడ్ 0.4 లోపే. రుచీ బాగుంటుంది, కాస్త కాల్షియమూ ఒంటికి అందుతుంది. ఫిల్టరైన బోరు నీళ్ళే కలపాలి, కలిపినవి యూవీ దాటాకే క్యానులోకి వెళ్ళాలి. అంతే షరతు. నిజానికి ఈ బోరులో మూడో వంతుకు కాస్త తక్కువ కలిపినా, అంటే వందకు ముప్పై లీటర్లు కలిపినా టీడీఎస్ 400, ఫ్లోరైడ్ 0.86. గీత దాటదు.

ఇప్పుడు అదే పట్టణంలో ఇంకో వార్డు బోరు తీసుకోండి. టీడీఎస్ అదే 1200, ఫ్లోరైడ్ మాత్రం 5. ఒక వీధి దాటితే ఇంత తేడా మామూలే, ఎందుకంటే కింద రాయి మారుతుంది. ఇక్కడా వందకు ముప్పై కలిపాడనుకోండి. మీటరు మీద టీడీఎస్ అదే 400. కానీ ఫ్లోరైడ్ 1.7. తనిఖీకి వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టరు జేబులోంచి పెన్ను లాంటి మీటరు తీసి ముంచుతారు, 400 చూస్తారు, ‘బాగున్నాయి’ అని రిజిస్టరులో రాస్తారు. టీడీఎస్ మీటరు నీటిలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి ఉప్పు మొత్తాన్ని అంచనా కడుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు, సూక్ష్మక్రిములు ఉన్నాయో లేవో అసలే తెలియదు.

ఇంకో చిక్కు ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువుండే బోర్లు చాలాసార్లు తియ్యగా ఉంటాయి. నీటిలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగున దిగిపోతుంది. కాల్షియం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ కరిగే ఉండిపోతుంది. అలాంటి నీళ్ళతో పప్పు ఉడుకుతుంది, సబ్బు నురుగొస్తుంది, ‘మా బోరు అమృతం’ అనిపిస్తుంది. నాలుకను నమ్మి ఫ్లోరైడ్ సంగతి తేల్చలేం.

అందుకే ఫ్లోరైడ్‌ను ఫ్లోరైడ్‌గానే పరీక్షించాలి. చేతి కిట్టులో నీటి నమూనాకు మందు చుక్కలు వేస్తే గులాబి రంగు పసుపు వైపు తిరుగుతుంది, పట్టీతో పోల్చుకుంటే 1 లోపా 1.5 పైనా అన్నది తేలిపోతుంది. డ్వాక్రా సభ్యురాలు ఒక పూటలో నేర్చుకోగల పని ఇది. మూడు నెలలకోసారి ల్యాబుకు పంపాలి. ప్లాస్టిక్ సీసాలోనే పంపాలి, ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు. క్రిముల పరీక్షకు మాత్రం ల్యాబువాళ్ళిచ్చిన శుద్ధి చేసిన సీసాయే వాడాలి, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు చేర్చాలి. శుక్రవారం సాయంత్రం పట్టి సోమవారం ఇచ్చిన నమూనా రిపోర్టు ఫైలులో పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

4. క్యాను కడిగే చోటు ఎవరూ చూడరు

ఆర్‌ఓ నీటిలో క్లోరిన్ మిగలదు. కుళాయి నీళ్ళకున్న ఆ కాపలా ఈ నీళ్ళకు లేదు. క్యానులో ఒక్క చోట పాచి ఉన్నా రెండు రోజుల్లో పెరుగుతుంది, ఎండలో పెడితే పచ్చబడుతుంది. వారానికోసారైనా ప్రతి క్యానును బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి. ఇరవై లీటర్ల నీటికి ఒక చెంచా, అంటే ఆరేడు గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు. తేరిన నీళ్ళు క్యానులో పోసి అయిదు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, ప్లాంటు మంచినీళ్ళతో రెండుసార్లు జాడించాలి. మూత విప్పి ఉంచిన పాత బ్లీచింగ్‌లో పస ఉండదు. ఘాటు వాసన లేకపోతే పారేయడమే.

యూవీ దీపం సంగతి ఇంకా వింత. దాదాపు 9,000 గంటలయ్యాక, అంటే రాత్రింబవళ్ళు వెలిగే దీపానికి ఏడాది దాటాక, క్రిములను చంపే శక్తి బాగా తగ్గిపోతుంది, నీలి వెలుగు మాత్రం ఇస్తూనే ఉంటుంది. వెలుగుతోంది కదా అని మూడేళ్ళు వాడతారు. ఏ తేదీన పెట్టారో దీపం పక్కనే స్టిక్కరు మీద రాస్తే ఈ గొడవే ఉండదు.

5. రిజెక్ట్ నీళ్ళను బోరులోకి తిప్పి ‘ఇంకుడు గుంత’ అంటున్నారు

మా వినతిపత్రాల్లో దీనికి అసలు జవాబే రాలేదు.

మన ప్లాంటు మంచినీళ్ళెన్ని ఇస్తుందో రిజెక్టూ అంతే. ఎండాకాలంలో రోజుకు 6,000 లీటర్లు. అందులో టీడీఎస్ 2,340, ఫ్లోరైడ్ 4.85. రోడ్డు మీద పారితే జనం తిడతారు కాబట్టి చాలా చోట్ల పాత బోరులోకో, ప్లాంటు వెనక తవ్విన గుంతలోకో పైపు వేస్తున్నారు. భూగర్భజలం పెంచుతున్నట్టు దానికి బోర్డు కూడా. వాననీటిని దింపితే అది నీటిని పెంచడం. ఉప్పు పిండిన నీటిని దింపితే అదే ఉప్పు తిరిగి అదే బోరులోకి చేరుతుంది, మధ్యలో మంచినీళ్ళు మాత్రం పైకి వెళ్ళిపోయాయి. ఏడాది సగటున ఈ ఒక్క ప్లాంటు రోజుకు పది కిలోల ఉప్పును పక్కకు నెడుతుంది, ఏడాదికి మూడున్నర టన్నులు దాటుతుంది. అది చుట్టుపక్కల ఇళ్ళ చేతిపంపుల్లోకి ఇంకుతుంది. క్యాను కొనలేనివాళ్ళు తాగేది ఆ చేతిపంపు నీళ్ళే. ప్లాంటు కొందరికి మంచినీళ్ళిచ్చి మిగతావాళ్ళ నీళ్ళు చెడగొట్టడం అంటే ఇదే. ప్లాంటు బోరు టీడీఎస్ ఏటా పెరుగుతూ వస్తుంటే మొదట అనుమానించాల్సింది వెనకున్న ఆ గుంతనే.

పశువుల తొట్టిలోకి వదిలే చోట్లూ ఉన్నాయి. అయ్యా, ఆ పని వెంటనే ఆపించండి. పశువులకు 2 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడే మంచిది కాదు, ఇది దాదాపు అయిదు. గేదెల పళ్ళు అరిగి, కీళ్ళు బిగుసుకుపోతాయి.

ఇంటి నిర్మాణాలకు ట్యాంకర్లతో ఇస్తామన్న ఆలోచనా కొందరికి ఉంది. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. చిక్కబడ్డ రిజెక్టు తేలిగ్గా దాటేస్తుంది, లోపల కడ్డీ తుప్పు పడుతుంది. పరీక్షించకుండా ఇవ్వొద్దు.

మరి ఎక్కడికి పంపాలి? ఎలాగూ నీళ్ళు వాడి కాలువలోకి వదిలే చోటికి. బస్టాండు మరుగుదొడ్లు, రైతుబజారు గచ్చు, మున్సిపాలిటీ చెత్త బండ్లు కడిగే షెడ్డు. మరుగుదొడ్డికి ఒక్కో వాడకానికి పది లీటర్లు అనుకుంటే 6,000 లీటర్లు 600 వాడకాలకు సరిపోతాయి. ఓ మోస్తరు బస్టాండు రోజు అవసరం తీరుతుంది. ఆ మేరకు అక్కడి బోరు తోడే పని తగ్గుతుంది. దీనికి రెండు వేల లీటర్ల ట్యాంకు, అంగుళం పైపు, ట్యాంకు నిండితే కాలువలోకి పోయే ఓవర్‌ఫ్లో చాలు. ఇనుప పైపు వద్దు, తుప్పు తింటుంది, ప్లాస్టిక్ పైపే వేయాలి. ఆ కుళాయిల దగ్గర ‘తాగరాదు’ అని ఎర్ర రంగుతో రాయాలి. దీంతో ఉప్పు మాయమైపోతుందని మేం చెప్పడం లేదు. అది చివరికి కాలువలోకే చేరుతుంది, కాకపోతే పట్టణం మొత్తం వాడిన నీటితో కలిసి పలచబడుతుంది, బోరులోకి మాత్రం దిగదు. ఇంతకంటే మంచి దారి ఈ సైజు ప్లాంటుకు, ఈ డబ్బుకు మాకు కనిపించలేదు.

ప్లాంటు ఎక్కడ కట్టాలన్నది కూడా దీన్నిబట్టే తేల్చాలి. కౌన్సిలరు ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉంది కదా అని అక్కడ కట్టి, రిజెక్ట్ పైపు అరకిలోమీటరు లాగాల్సి వస్తే ఎవరూ లాగరు. బస్టాండు గోడ పక్కనే కడితే పది మీటర్లలో పని అయిపోతుంది.

6. నది నీళ్ళు వచ్చే పట్టణానికి ఆర్‌ఓ ఎందుకు?

తెలంగాణలో మిషన్ భగీరథ ద్వారా, ఆంధ్రలో సమ్మర్ స్టోరేజీ చెరువుల ద్వారా కృష్ణా గోదావరి నీళ్ళు అందే పట్టణాల్లో కూడా ప్లాంటును బోరు మీదే నడుపుతున్నారు. నది నీటిలో ఫ్లోరైడ్ బెడద సాధారణంగా ఉండదు, టీడీఎస్ కూడా చాలా చోట్ల 500 లోపే. 500 లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్‌ఓ వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. అలాంటి చోట కుళాయి లైనుకే ఇసుక ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు, యూవీ బిగించి అమ్మండి. మెంబ్రేన్ల ఖర్చుండదు, హై ప్రెషర్ పంపుండదు, రిజెక్టుండదు. జనం కుళాయి నీళ్ళు వదిలి క్యాను కొనేది ఎక్కువగా వాసన కోసం, బురద రంగు కోసం. ఆ రెండూ బొగ్గు, ఇసుక తీర్చేస్తాయి.

ఇలా జరిగితే ఎవరు నష్టపోతున్నారు?

నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు కలిపి రోజుకు ఒక క్యాను. ప్లాంటు దగ్గర 5 రూపాయలకు తెచ్చుకుంటే నెలకు 150. ప్లాంటు మూతపడితే ఆటోలో వచ్చే క్యాను 15, నెలకు 450. కూలికెళ్ళే ఇంటికి ఆ తేడా ఒక రోజు సంపాదనలో పెద్ద ముక్క. కొనలేనివాళ్ళు చేతిపంపుకు వెళ్తారు. పెద్దవాళ్ళకు దాని ఫలితం ఏళ్ళ తరబడి ఆలస్యంగా వస్తుంది, పిల్లలకు ఆలస్యం లేదు. శాశ్వత దంతాలు చిగురు కింద తయారయ్యేది మొదటి ఎనిమిదేళ్ళలోనే. ఆ వయసులో తాగిన ఫ్లోరైడ్ పంటి మీద తెల్ల మచ్చగా, ముదిరితే గోధుమ రంగు చారగా వస్తుంది. ఆ తర్వాత ఎంత మంచినీళ్ళు తాగించినా ఆ చార పోదు. ప్లాంటు రెండేళ్ళు నడిచి, మూడేళ్ళు మూతపడి, మళ్ళీ తెరుచుకుంటే మధ్యలో పుట్టినవాళ్ళ పళ్ళు చూసి ఆ లెక్క చెప్పేయవచ్చు.

మేం అడుగుతున్నవి

1. క్యాను ధర మీరే నిర్ణయించండి, మా లెక్కలో 5 రూపాయలు న్యాయం. అద్దె నామమాత్రంగా ఏడాదికి ఒక్క రూపాయి చాలు. పోటీ ధర మీద కాదు, ఎవరు ఏం రాసి చూపిస్తారు, ఏం నేర్చుకుని వచ్చారు అన్నదాని మీద పెట్టండి. పట్టణ సమాఖ్యకు మొదటి అవకాశం ఇవ్వండి. లాభాన్ని పంచుకోకుండా ప్లాంటులోనే పెట్టాలని ఒప్పందంలో రాయండి.

2. అమ్మిన ప్రతి క్యాను మీద 60 పైసలు మున్సిపాలిటీ, సమాఖ్య ఉమ్మడి ఖాతాలో పడాలి. నెలకు 3,960 రూపాయలు. మెంబ్రేన్లు, ఇసుక, పంపు, దీపం అన్నీ దీంతో గడుస్తాయి. ఇద్దరి సంతకాలు లేకుండా ఆ ఖాతా కదలకూడదు. కార్డు గీకి నీళ్ళు పట్టుకునే మిషను ఉంటే ఎన్ని క్యాన్లు పోయాయో అదే లెక్క చెబుతుంది. చిల్లర నాణేలు వేసేది మాత్రం వద్దు, అది ఇరుక్కోని వారం ఉండదు.

3. మీ పరిధిలోని ప్రతి ప్లాంటు రిజెక్ట్ పైపు ఎక్కడికి పోతోందో చూసి రాయించండి. బోరులోకి, గుంతలోకి, పశువుల తొట్టిలోకి పోతుంటే మూయించండి. కొత్త ప్లాంటు డ్రాయింగులో రిజెక్ట్ ట్యాంకు, అది చేరే చోటు లేకపోతే ఆమోదించకండి.

4. బోరు నీటికీ అమ్మే నీటికీ మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ పరీక్ష, అమ్మే నీటికి నెలనెలా క్రిముల పరీక్ష జరగాలి. నమూనా పట్టేది ఆపరేటరు కాకూడదు. గల్లాపెట్టె పైన నల్లబల్ల మీద తెలుగులో అయిదు గడులు ఉండాలి: నీళ్ళు పట్టిన తేదీ, ఫ్లోరైడ్, టీడీఎస్, క్రిములు ఉన్నాయా లేవా, యూవీ దీపం పెట్టిన తేదీ.

5. ప్రతి ప్లాంటుకు సమాఖ్య నుంచి ఇద్దరు మహిళలకు నాలుగు పనులు నేర్పించండి: మూడు అంకెల నోటుబుక్కు రాయడం, ఫ్లోరైడ్ కిట్టు వాడడం, క్యాన్లు కడగడం, మెంబ్రేన్లకు సిట్రిక్ యాసిడ్ పెట్టడం. వారం రోజులు చాలు. నేర్పడానికి మాలో ఎవరైనా డబ్బు తీసుకోకుండా వస్తారు.

6. నది నీళ్ళు అందే పట్టణాల్లో బోరు మీద నడిచే ఆర్‌ఓ ప్లాంట్ల జాబితా తీయించండి. కుళాయి లైనుకు మార్చడానికి ఏం కావాలో ఇంజనీరింగ్ విభాగంతో అంచనా వేయించండి.

వచ్చే లీజు ప్రకటన వెలువడేలోగా వీటిలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి కుదరవో, ఎందుకు కుదరవో రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాం. ఒప్పందం ముసాయిదా, నోటుబుక్కు పేజీ నమూనా, రిజెక్ట్ ట్యాంకు డ్రాయింగు తయారుగా ఉంచాం. పిలిస్తే తెచ్చి ఇస్తాం. అన్నిటికంటే ముందు మూడో కోరికకు డబ్బు అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ప్లాంటు వెనక్కి నడిచి వెళ్ళి పైపు ఎక్కడికి పోతోందో చూస్తే చాలు. అది ఈ వారమే చేయించండి.

ఇట్లు,
వాటర్ ప్లాంటు మెకానిక్కులు, ఆపరేటర్లు, పట్టణ సమాఖ్య సభ్యులు